ఆకుపచ్చ చుక్క

నాన్న ఒకరోజు పొద్దున బీపీ మాత్ర మర్చిపోయి, రాత్రి గుర్తొచ్చి రెండు ఒకేసారి వేసేసుకున్నారు. తెల్లవారుజామున లేచి నిలబడగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారట. ఈ సంగతి నాకు పది రోజులకి తెలిసింది, అదీ అమ్మ నోరు జారితే. "అంత దూరాన ఉన్నవాడికి చెప్పి ఏం లాభం రా" అంది.

ఆ మాట గుచ్చుకుని రెండు వారాంతాలు కూర్చుని ఇద్దరి మాత్రలకీ కలిపి యాప్ రాశాను. పెద్దగా ఏం లేదు, టైముకి మోగుతుంది, మాత్ర పేరు పెద్ద అక్షరాల్లో, పక్కన స్ట్రిప్ ఫోటో, కింద "వేసుకున్నా" అని ఒకటే బటన్. నొక్కితే ఇక్కడ నా ఫోన్లో ఆకుపచ్చ చుక్క, అరగంటలో నొక్కకపోతే ఎరుపు. మొదటి వారమే ఎరుపొచ్చింది. కంగారుగా ఫోన్ చేస్తే అసలు మోగనేలేదన్నారు. ఫోన్ కదలకుండా ఒకచోట పడుంటే ఆండ్రాయిడ్ బ్యాటరీ మిగల్చడానికి మామూలు అలారాలని వెనక్కి నెట్టేస్తుంది. ఫోన్ అలా పడున్నా అలారం మోగించే `setExactAndAllowWhileIdle` వాడాక ఆ గొడవ తీరింది.

తర్వాత నెలన్నర అన్నీ ఆకుపచ్చే. మీటింగ్ మధ్యలో కూడా చుక్క చూసుకున్నాకే మనసు కుదుటపడేది.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో, కొత్తవి తెప్పిద్దామని, ఎన్ని మిగిలాయో చూపించమన్నాను. అమ్మ తన షుగర్ మాత్రల స్ట్రిప్ కెమెరాకి దగ్గరగా పెట్టింది. వెనక రేకు చిరగనివి ఆరు. లెక్క ప్రకారం ఒక్కటీ ఉండకూడదు.

"అమ్మా, రోజూ ఆకుపచ్చే వస్తోంది కదా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "అది ఎనిమిదింటికి మోగుతుంది నాన్నా. అప్పటికి ఇంకా టిఫినే అవ్వదు. ఇది తిన్నాక కదా వేసుకోవాలి. నొక్కకపోతే నీకు ఎర్రగా వస్తుంది, పని వదిలేసి టెన్షన్ పడతావని నొక్కేస్తున్నా. తర్వాత ఒక్కోసారి మర్చిపోతున్నా."

తప్పు ఆవిడది కాదు. తిండితో ముడిపడిన మాత్రని నేను గడియారానికి కట్టేశాను, పైగా నిజం చెప్పడానికి బటనే పెట్టలేదు.

ఆ రాత్రే మార్చాను. షుగర్ మాత్రకి ముందు "తిన్నారా?" అని అడుగుతుంది. "ఇంకా లేదు" నొక్కితే పసుపు చుక్క, ఇరవై నిమిషాలాగి మళ్లీ అడుగుతుంది. పసుపు వస్తే నేను ఫోన్ చేయనని అమ్మకి మాటిచ్చాను.

మర్నాడు వాళ్ల ఎనిమిదింటికి పసుపొచ్చింది. ఇరవై నిమిషాలకి మళ్లీ పసుపు. అమ్మ నంబర్ తెరిచి, మాట గుర్తొచ్చి ఫోన్ బల్ల మీద పెట్టేశాను. ఎనిమిదీ నలభై రెండుకి చుక్క ఆకుపచ్చగా మారింది. ఆ వెంటనే అమ్మ నుంచి ఒక ఫోటో, రేకు చిరిగిన స్ట్రిప్, పక్కన ఖాళీ గ్లాసు.