ప్లేస్టేషన్ 5 కొనుగోలు గురించి అమ్మానాన్నలకు లేఖ

విజయవాడ,
10-05-2025.

పూజ్యులైన అమ్మకు, నాన్నగారికి,

మీ కుమార్తె శ్రావ్య నమస్కరించి వ్రాయునది.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. మాటల్లో చెబితే ధర వినగానే సంభాషణ అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత చెప్పవలసిన లెక్క చెప్పనే లేను. అందుకే టీవీకి తగిలించి ఆటలు ఆడుకునే ప్లేస్టేషన్ 5 కన్సోల్ కొనుక్కోవడానికి మీ అనుమతి కోరుతూ, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, కొన్న తర్వాత ఇంట్లో అది ఎలా ఉంటుందో ఈ కాగితం మీద పెడుతున్నాను.

పదో తరగతి మొదలైనప్పుడు, 600కు 550 దాటితే పదివేల రూపాయల లోపు నాకు నచ్చిన వస్తువు కొనిపెడతానని నాన్నగారు అన్నారు. నాకు 571 వచ్చాయి. గణితంలో 99, సైన్సులో 97, సోషల్, తెలుగు రెండింటిలోనూ 96, ఇంగ్లిషులో 94, హిందీలో 89. హిందీ మార్కుల గురించి అమ్మ ఇప్పటికే అనవలసింది అంది కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ఆ పదివేలకు విడిగా మరో వస్తువు అడగకుండా, వాటిని ఈ కొనుగోలులోనే కలపమని నా మొదటి కోరిక.

దుకాణంలో డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్ ధర 54,990 రూపాయలు చెప్పారు. నా పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో 41,350 రూపాయలు ఉన్నాయి. ఇందులో మూడేళ్లుగా పాకెట్ మనీలో మిగిల్చినవి 21,400, సంక్రాంతికీ పుట్టినరోజులకూ అమ్మమ్మ, తాతయ్య, మావయ్య, అత్తయ్యలు చేతిలో పెట్టినవి 13,500, నాకు పొట్టిదైపోయిన సైకిల్ అమ్మగా వచ్చినవి 4,000, మిగతా 2,450 వడ్డీ. నాన్నగారి పదివేలు కలిపితే ఇంకా 3,640 రూపాయలు తక్కువవుతాయి. ఆ మొత్తాన్ని మీరు ఇప్పుడు సర్దితే, జూన్ నుంచి డిసెంబరు దాకా ఏడు నెలల పాటు నా పాకెట్ మనీ 800లో నెలకు 520 చొప్పున మినహాయించుకోవచ్చు. మిగిలే 280 నాకు సరిపోతాయి. ఖాతా మొత్తం ఖాళీ చేస్తే ఎలాగని అమ్మ అడుగుతుంది. నిజమే, కానీ ఆ డబ్బు మొదటి నుంచీ దీని కోసమే దాచాను, కాలేజీ ఫీజుకో పుస్తకాలకో పెట్టుకున్నది కాదు.

డిస్క్ డ్రైవ్ లేని రకం పదివేలు తక్కువకు వస్తుంది. అప్పుడు మిమ్మల్ని 3,640 అడగవలసిన అవసరమే ఉండదు, పైగా నా డబ్బు కొంత మిగులుతుంది. అయినా నేను దాన్ని ఎంచుకోలేదు. ఆ రకంలో ప్రతి ఆటనూ ఆన్‌లైన్ స్టోర్‌లోనే కొనాలి, కొన్నది మన అకౌంట్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది, ఆడటం అయిపోయాక ఎవరికీ ఇవ్వలేము, అమ్మలేము. డిస్క్ అయితే వాడినవి కొనుక్కోవచ్చు, ఆట పూర్తయ్యాక తిరిగి అమ్మవచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. పైగా పాత ప్లేస్టేషన్ 4 డిస్కులు కూడా చాలా వరకు దీనిలో ఆడతాయి. కొత్త ఆటలు నాలుగైదు వేల దాకా పలుకుతుంటే, గవర్నర్‌పేటలో నేను అడిగిన దుకాణంలో వాడిన డిస్కులు అందులో సగానికే ఉన్నాయి. రెండు మూడేళ్లు వాడే వస్తువు కాబట్టి మొదట ఎక్కువ పెట్టినా ఆ తేడా డిస్కుల మీదే తిరిగి వస్తుందని నా లెక్క.

కొన్న రోజున అదనంగా ఆట ఏదీ కొననవసరం లేదు. ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే ఆట కన్సోల్‌లోనే ఉచితంగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడటానికి చాలా ఆటలకు ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి. దాన్ని నేను కోరడం లేదు. ఒంటరిగా ఆడే కథల ఆటలు, తమ్ముడితో పక్కపక్కన కూర్చుని ఆడేవి నాకు చాలు. ముక్కూమొహం తెలియని వాళ్లతో మైకులో మాట్లాడుతుందేమోనన్న అమ్మ బెంగ కూడా దీనితో తీరుతుంది.

ఫోనులో ఉచితంగా వచ్చే ఆటలు ఉండగా ఇదెందుకని నాన్నగారు అడగవచ్చు. ఆ ఉచిత ఆటల్లో చాలా వాటికి రాబడే లోపల అమ్మే నాణేలు, దుస్తుల మీద. అక్కడ ఖర్చు వంద, రెండు వందలుగా తెలియకుండా జరిగిపోతుంది. ఇక కంప్యూటర్ సంగతి. ఇలాంటి ఆటలు ఆడగలిగే గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటర్ కొనాలంటే ఇంతకంటే చాలా ఎక్కువ అవుతుంది. ఇంజనీరింగులో చేరాక ఎలాగూ ల్యాప్‌టాప్ కావాలి, ఇప్పుడే కొంటే అప్పటికి అది పాతబడుతుంది.

అసలు ప్రశ్న ఇంటర్ చదువు అని నాకు తెలుసు. జూన్‌లో ఎంపీసీ తరగతులు మొదలవుతాయి, సాయంత్రం ఇంటికి వచ్చేసరికే అలసిపోతాను. కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆట ఉండదు, శనివారం రెండు గంటలు, ఆదివారం మూడు గంటలు మాత్రమే. ఈ మాట నా మీద వదిలేయమని అడగడం లేదు. కన్సోల్‌లో నాన్నగారి పేరిట అకౌంట్ తెరిచి నన్ను పిల్లల అకౌంట్‌గా చేర్చితే, ఏ రోజు ఎంతసేపు, ఏ వేళల్లో ఆడవచ్చో ఆయనే నిర్ణయించవచ్చు. సమయం అయ్యాక హెచ్చరించి ఊరుకోవాలా, లేక అకౌంట్ నుంచి బయటకు పంపేయాలా అన్నది కూడా అందులో ఎంచుకోవచ్చు. రెండోదే పెట్టండి. ఆన్‌లైన్ స్టోర్‌లో నా ఖర్చు పరిమితిని సున్నాగా ఉంచండి, వయసుకు తగని ఆటలు తెరుచుకోకుండా హద్దు పెట్టండి. మార్పులు చేసే పాస్‌వర్డ్ నాకు గానీ తమ్ముడికి గానీ తెలియనివ్వకండి. వాడికి తెలిస్తే నాకు తెలిసినట్టే.

కాలేజీ పరీక్షలకు ముందు పదిహేను రోజులు కన్సోల్ వైర్లతో సహా అమ్మ బీరువాలో ఉంటుంది. మొదటి మూడు నెలల కాలేజీ పరీక్షల్లో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీలలో ఏ ఒక్కదానిలోనైనా 85 శాతం కంటే తగ్గితే, తర్వాతి పరీక్షల ఫలితాలు వచ్చేదాకా అది అక్కడే ఉండటానికి నేను ఒప్పుకుంటున్నాను.

హాలులోని టీవీకి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉన్నాయి. ఒకటి సెట్‌టాప్ బాక్సుకు పోయింది, రెండోది ఖాళీగా ఉంది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు టీవీ నానమ్మ సీరియళ్లది, ఆ వేళ జోలికి నేను పోను. కరెంటు ఖర్చు పెద్దది కాదు. ఆట నడుస్తున్నప్పుడు కన్సోల్ దాదాపు 200 వాట్లు తీసుకుంటుంది, అంటే అయిదు గంటలకు ఒక యూనిట్. వేసవి కోతల్లో కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరితే దెబ్బ తినకుండా ఒక సర్జ్ ప్రొటెక్టర్ కావాలి. దాని ఆరు వందలు నా 280ల్లోంచి కూడబెట్టి నేనే కొంటాను, అది వచ్చేదాకా వర్షం, ఉరుములు ఉన్నప్పుడు ప్లగ్గు తీసేస్తాను.

మీరు ఒప్పుకుంటే బిల్లు నాన్నగారి పేరిట తీసుకోవాలని కోరుతున్నాను, ఏడాది వారంటీ కోసం దుకాణం వాళ్లు పెద్దవాళ్ల పేరుంటే మంచిదన్నారు. పాస్‌బుక్కు, మార్కుల మెమో నకలు, దుకాణంలో రాయించుకున్న ధర చీటీ ఈ ఉత్తరంతోపాటు పెట్టాను. ఏదైనా షరతు సరిపోదనిపిస్తే ఈ కాగితం మీదే పక్కన రాయండి, నేను చదివి జవాబు ఇస్తాను. నాన్నగారికి వచ్చే ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం భోజనం తర్వాత మీ నిర్ణయం చెబితే, సోమవారం పోస్టాఫీసుకు వెళ్లి ఖాతా మూసి డబ్బు తీసుకునే ఫారం నింపుతాను.

ఇట్లు,
మీ కుమార్తె,
శ్రావ్య