విషయం: రైతు సహాయ విభాగం ఉద్యోగం – వీడియోకు బదులు రాతలో జవాబులు

నమస్తే రజిత గారూ,

నా రెజ్యూమె చూసి మెయిల్ పెట్టినందుకు ధన్యవాదాలు. స్క్రీనింగ్ కాల్‌కు ముందు రెండు నిమిషాల వీడియో పరిచయం గానీ, ప్రశ్నపత్రానికి జవాబులు గానీ పంపమన్నారు. నేను రాతనే ఎంచుకున్నాను. జవాబులు ఈ మెయిల్‌లోనే ఉన్నాయి.

ఈ ఉద్యోగం ఎందుకు కావాలని మొదటి ప్రశ్న. కిందటి సీజన్‌లో, అంటే 2025 వానాకాలం పత్తికి, పరకాల దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులోని కొనుగోలు కేంద్రంలో గేటు పక్క టేబుల్ దగ్గర పనిచేశాను. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేయించడం, టోకెన్ చూడటం, తేమ చీటీ చదివి చెప్పడం నా పని. ఒకరోజు సాయంత్రం ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చాడు. మీటర్ 14 చూపించింది. "పొద్దుగాల సంది లైన్ల ఉన్న బిడ్డా. పద్నాలుగు అంటే ఏంది? నా పత్తి మంచిగ లేదా?" అన్నాడు.

"పత్తి మంచిగనే ఉంది బాపూ, తడి ఉంది, అంతే" అని ముందు ఆ మాట చెప్పాను. తర్వాత లెక్క చెప్పాను. తేమ 8 శాతం ఉంటే పొడవు పింజ పత్తికి ఆ సీజన్‌లో క్వింటాలుకు 8,110 రూపాయలు పూర్తిగా వచ్చేవి. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత పడుతుంది. 12 దాటితే కొనరు. ఆయన పైపైన పత్తి తీసి చూపిస్తూ "ఎండినట్టే ఉంది గదా" అన్నాడు. ట్రాలీ నడుమ మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడమన్నాను. లోపల వెచ్చగా, చెమ్మగా ఉంది. అప్పుడు ఆయనకు అర్థమైంది. ఇంటికి తీసుకెళ్లి మూడు రోజులు టార్పాలిన్ మీద ఆరబోశాడు. మళ్లీ స్లాట్ నేనే బుక్ చేసి ఇచ్చాను. రెండోసారి 11 వచ్చింది, క్వింటాలుకు 7,866 రూపాయల 70 పైసలు పడింది.

14 అన్న అంకెను ఆయన తన పంట మీద తీర్పుగా విన్నాడు. ఫోన్‌లో రైతు అడిగేది ఒకటి, లోపల భయపడేది ఇంకొకటి ఉంటుంది. ఆ భయానికి ముందు జవాబు చెప్పగలిగే పని నాకు కావాలి. మీ ప్రకటనలో అదే పని కనిపించింది.

అనుభవం: 2020 నుంచి 2023 జూన్ దాకా హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో తెలుగు కస్టమర్లతో మాట్లాడాను. అక్కడి నుంచి 2025 సెప్టెంబర్ దాకా ఉన్న గ్యాప్ గురించి అడిగారు. అమ్మకు డయాలసిస్ మొదలైంది, చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు తమ్ముడు కాజీపేటకు వచ్చేశాడు. ఆ ఇబ్బంది తీరింది.

చివరి జీతం చేతికి 16,500. నేను అడుగుతున్నది 24,000. నోటీసు పీరియడ్ లేదు, పిలిచిన వారంలో చేరగలను. షిఫ్టు రాత్రి 8 దాకా అయితే ఇబ్బంది లేదు. నేను మెరుగుపరచుకోవాల్సింది ఇంగ్లిష్ రిపోర్టు రాయడం. తెలుగులో పది నిమిషాల్లో రాసేది ఇంగ్లిష్‌లో అయితే అరగంట పడుతుంది. రోజూ కొంచెం రాస్తూ నేర్చుకుంటున్నాను.

ఆధార్ నంబర్ గడి ఖాళీగా వదిలాను. ఆఫర్ లెటర్ వచ్చాక ఒరిజినల్‌తో సహా చూపిస్తాను. స్క్రీనింగ్‌కు ముందే తప్పనిసరి అయితే ఎందుకో చెప్పండి, దాన్ని బట్టి ఆలోచిస్తాను.

వీడియో ఎందుకు వద్దనుకున్నానో కూడా చెప్పాలి. ఇదివరకు ఒక సంస్థ అడిగితే వీడియో చేసి పంపాను. అమ్మను పక్కింట్లో కూర్చోబెట్టి, ఒకే గదిలో గోడకు దుప్పటి కట్టి, పదకొండు సార్లు తీశాను. తర్వాత ఒక్క మాట రాలేదు. ఆ వీడియో ఎవరు చూశారో, ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. మీ దగ్గర వీడియో తప్పదంటే పంపుతాను. ఎవరెవరు చూస్తారు, ఎంపిక అయిపోయాక తీసేస్తారా అన్నది మాత్రం ముందు చెప్పండి.

ఈ ఉద్యోగంలో రైతుకు వినపడేది నా గొంతే. కాబట్టి ఒక పది నిమిషాలు ఫోన్ చేయండి. మీరు రైతులా మాట్లాడండి, స్లాట్ రద్దయిందనో, డబ్బులు ఖాతాలో పడలేదనో కోపంగా అడగండి. నేను ఎలా మాట్లాడతానో వినండి. వీడియోలో కంటే అందులో మీకు నా పని బాగా తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరేదాకా మంగళ, గురువారాలు అమ్మతో ఆస్పత్రిలో నేనే ఉంటాను కాబట్టి ఆ రెండు రోజులు సాయంత్రం 4 తర్వాత, మిగతా రోజుల్లో ఎప్పుడైనా రెజ్యూమెలో ఉన్న నంబర్‌కు చేయవచ్చు.

ఇట్లు,
స్రవంతి
కాజీపేట