సర్క్యులర్: ఆఫీసులో దుస్తులు, నడవడిక

ఎవరికి: సిరిపురం ఆఫీసు, పోర్టు ఫీల్డ్ సిబ్బంది అందరికీ
ఎవరి నుంచి: మేనేజర్, అడ్మినిస్ట్రేషన్
అమలు: జూన్ 1 నుంచి

నోటీసు బోర్డు మీదున్న పాత డ్రెస్ కోడ్ కాగితాన్ని తీసేశాం. ఇకపై కింద రాసిందే వర్తిస్తుంది.

బట్టలు శుభ్రంగా ఉండాలి, కస్టమర్ వస్తే ఎదురుగా కూర్చుని మాట్లాడేలా ఉండాలి. చీర, చుడీదార్, ప్యాంటు షర్టు, కాలర్ టీషర్టు, చిరుగులు లేని జీన్స్, ఏదైనా ఫర్వాలేదు. చున్నీ వేసుకోవడం, మానడం మీ ఇష్టం. టై అక్కర్లేదు, వైజాగ్ ఉక్కపోతలో టై కట్టుకోమనడానికి మాకే మనసొప్పలేదు. షార్ట్స్, బాత్రూమ్ చెప్పులు మాత్రం వద్దు.

గాజువాక, మధురవాడ వైపు నుంచి బండి మీద వచ్చేసరికి చెమటకో వానకో చొక్కా తడిసిపోవడం మామూలే. రెండో అంతస్తులో స్టోర్ పక్కన బట్టలు మార్చుకునే గదులు రెండున్నాయి, ఆడవాళ్లకు ఒకటి, మగవాళ్లకు ఒకటి. అందుకు పట్టే పది నిమిషాలను లేటు కింద రాయరు.

అయ్యప్ప, భవానీ మాల వేసుకున్నవారు దీక్షా వస్త్రాల్లోనే రావచ్చు. హిజాబ్, తలపాగా కూడా అంతే. వీటికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అయితే పోర్టు యార్డులోకి చెప్పుల్లేకుండా పంపలేం. మాల వేసుకునే ముందు సూపర్‌వైజర్‌కు ఒక మాట చెబితే ఆ రోజులకు డాక్యుమెంటేషన్ పని ఇస్తారు. దీనివల్ల ఫీల్డ్ అలవెన్స్ తగ్గదు.

యార్డులో సేఫ్టీ షూస్, హెల్మెట్, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి, మేనేజర్లకైనా సరే. క్రేన్లు, ట్రైలర్ల దగ్గర కొంగు, చున్నీ వేలాడితే ప్రమాదం కాబట్టి యార్డుకు వెళ్లే రోజు అవి వేలాడని బట్టలు ఎంచుకోండి.

ఎవరి బట్టల గురించైనా చెప్పాల్సి వస్తే సంబంధిత సూపర్‌వైజర్ పక్కకు పిలిచి చెబుతారు. గేటు దగ్గర ఆపడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం, జీతం కోయడం ఉండవు. ఒంటి రంగు, లావు, సన్నం, వేసుకున్న బట్టల మీద జోకులు వేస్తే మాత్రం వేసినవారితోనే మాట్లాడతాం.

అటెండర్లను, డ్రైవర్లను “ఒరేయ్” అని పిలవడం మానాలి. వయసులో చిన్నవాళ్లయినా పేరు పెట్టి, మర్యాదగా పిలవండి. హాల్లో ఫోన్ స్పీకర్ పెట్టి మాట్లాడొద్దు. రాత్రి 7 దాటాక వచ్చిన వాట్సాప్ మెసేజ్‌కు మర్నాడు జవాబిచ్చినా తప్పులేదు. ఓడ బెర్త్‌లో ఉన్నప్పుడు డ్యూటీలో ఉన్నవారికి మాత్రం ఇది వర్తించదు.

లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. బాధితురాలు ఘటన జరిగిన 3 నెలల్లోగా అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు లిఫ్ట్ పక్కన పెట్టాం.

సేఫ్టీ షూస్ అరిగిపోయినవారు మే 25లోగా స్టోర్‌లో సైజు రాయించండి. కొత్త జతకు డబ్బులు కట్టనక్కర్లేదు.