విషయం: గల్లా యాప్ విలువ - మూడు అంచనాలు, పైలట్, మీ నుంచి కావాల్సిన లెక్కలు

గల్లా టీమ్ అందరికీ నమస్కారం,

సోమవారం మీటింగ్‌లో "ఈ ప్రాడక్ట్ విలువ ఎంత?" అని రమేష్ గారు అడిగితే నేను ఒక్క అంకె చెప్పలేదు. బిల్లులకూ అరువు ఖాతాలకూ ఎన్ని కిరాణా షాపులు ఈ యాప్‌ను వాడతాయో ఇంకా ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఒకే అంకె ఇస్తే, రేపు బడ్జెట్‌లో అందరూ దాన్నే ఖాయం అనుకుంటారు. అందుకే మీ షీట్‌ను మూడు అంచనాలుగా విడగొట్టాను.

మూడేళ్ల తర్వాత డబ్బు కట్టి వాడే షాపులు 2,000 దగ్గరే ఆగిపోతే నేటి విలువలో మనకు 1.6 కోట్ల నష్టం. 9,000కు చేరితే 1.2 కోట్లు మిగులుతాయి. 30,000 అయితే 9 కోట్లు. వీటికి వరుసగా 50, 35, 15 శాతం అవకాశం ఇచ్చాను. సగటున 97 లక్షలు వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంది కానీ, ఇందులో 1.35 కోట్లు ఆ 15 శాతం అవకాశం నుంచే వస్తున్నాయి. అది తీసేస్తే మిగిలేది 38 లక్షల నష్టం. ఈ శాతాలు నా అంచనాలే. ఫీల్డ్‌లో తిరిగిన మీకు వేరేలా అనిపిస్తే కారణంతో సహా చెప్పండి, మారుస్తాను.

రాబోయే డబ్బును నేటి విలువలోకి తగ్గించే డిస్కౌంట్ రేటు 14 శాతమే ఉంచాను. కొత్త ప్రాడక్ట్ కాబట్టి 25 పెట్టాలని ఒకరు సూచించారు. షాపులు రాకపోవచ్చన్న రిస్క్‌ను పై శాతాల్లో ఇప్పటికే లెక్కేశాం. రేటు కూడా పెంచితే అదే రిస్క్‌కు రెండుసార్లు కోత పెట్టినట్టవుతుంది, మంచి ప్రాడక్ట్ కూడా కాగితం మీదే చచ్చిపోతుంది.

షీట్‌లో క్యూఆర్ చెల్లింపుల మీద కమిషన్ అని ఉన్న వరుసను సున్నా చేశాను. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే చెల్లింపు మీద వ్యాపారి కట్టే రుసుము, లేదు. కిరాణా షాపులో పడేవి ఎక్కువగా అవే. యూపీఐ దేశమంతా పాకింది, అయినా ఆ వాడకం దానంతట అదే ఆదాయం కాలేదు. మనకు నమ్మకంగా వచ్చేది నెలకు 300 రూపాయల సబ్‌స్క్రిప్షనే. సర్వర్, ఎస్సెమ్మెస్, సపోర్ట్ ఖర్చులు పోను ఒక్కో షాపు మీద నెలకు 200 మనకు మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఒక షాపును చేర్చుకోవడానికి ఫీల్డ్ ఏజెంట్ కమిషన్, ట్రైనింగ్ కలిపి 2,500 అవుతోంది. నెలకు 5 శాతం షాపులు మానేస్తే ఒక షాపు సగటున 20 నెలలు ఉంటుంది, 4,000 ఇస్తుంది. మనకు మిగిలేది 1,500. మానేసేవాళ్లు 3 శాతమే అయితే 33 నెలలు ఉంటుంది, ఖర్చు పోను 4,100 దాకా మిగులుతుంది. కాబట్టి డౌన్‌లోడ్ల గ్రాఫ్ చూసి నేను విలువ కట్టలేను. ఎనిమిదో వారంలో కూడా బిల్లులు కొడుతున్న షాపులెన్ని అన్నదే నాకు కావాలి.

అందుకే నా ప్రతిపాదన: మొత్తం బడ్జెట్ ఒకేసారి కాకుండా, ముందు 40 లక్షలతో ఖమ్మం, గుంటూరులో పైలట్. షాపులు నిలబడకపోతే అక్కడే ఆపేద్దాం. అప్పుడు మొదటి అంచనాలో నష్టం 1.6 కోట్ల నుంచి 40 లక్షలకు తగ్గి, సగటు విలువ 97 లక్షల నుంచి 1.57 కోట్లకు పెరుగుతుంది. ఆపగలిగే వీలుకే 60 లక్షల విలువ ఉందన్నమాట. పైలట్ ఏదీ అంత స్పష్టంగా తేల్చదు కాబట్టి నిజానికి కొంత తక్కువే ఉంటుంది. కానీ ఏ అంకె దగ్గర ఆపాలో ముందే రాసుకోకపోతే ఆ విలువ మనకు దక్కదు. "ఇంకొక్క రిలీజ్ చూద్దాం" అనుకుంటూ 1.6 కోట్లూ ఖర్చుపెట్టేస్తాం.

నా వైపు నుంచి ఒక హద్దు: చేరిన ప్రతి 100 షాపుల్లో ఎనిమిదో వారానికి 45 షాపులు వారానికి కనీసం 20 బిల్లులు కొడుతూ ఉండాలి. 30 కన్నా తగ్గితే ఆపుదాం. మధ్యలో ఉంటే కారణం వెతకడానికి ఇంకో నెల ఇద్దాం. ఈ అంకెలతో మీరు వాదించాలి, పైలట్ మొదలయ్యాక మాత్రం మార్చొద్దు. దసరా వారాల్లో చేరిన షాపులను విడిగా చూపండి. పండగ రద్దీలో ఎవరూ కొత్త పద్ధతి నేర్చుకోరు, ఆ లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

అలాగే అరువు ఖాతాలు ఎక్కించిన షాపులను, బిల్లులు మాత్రమే కొట్టే షాపులను వేర్వేరుగా నమోదు చేయండి. వాడలో వాళ్ల బాకీలన్నీ యాప్‌లో పెట్టుకున్న షాపు యజమాని అంత తేలిగ్గా వదలడని నా నమ్మకం. అది నిజమైతే మొదట తయారుచేయాల్సిన ఫీచర్ అరువు ఖాతాలే, రిపోర్టులు కాదు.

అకౌంట్స్ గురించి ఒక మాట. ఇండ్ ఏఎస్ 38 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం పరిశోధన దశ ఖర్చును ఆస్తిగా చూపలేం. డెవలప్‌మెంట్ ఖర్చును చూపాలన్నా, భవిష్యత్తులో ఆదాయం వచ్చే అవకాశం ఉందని నిరూపించగలగాలి. పైలట్ ఫలితం వచ్చేదాకా జీతాలతో సహా అంతా ఖర్చు కిందే రాస్తాను. దయచేసి టైమ్‌షీట్‌లో పైలట్ పనిని విడిగా రాయండి, తర్వాత విడదీయడం చాలా కష్టం.

శుక్రవారం సాయంత్రంలోగా రెండు పంపండి: శాతాలపై మీ అభిప్రాయం, వారంవారీ లెక్కలు తీయడానికి ఎన్ని రోజుల పని పడుతుందో. ఆ పని ఫీచర్ల కంటే ముందు పెట్టాల్సి వస్తే రమేష్ గారితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
శిరీష
ఫైనాన్స్ మేనేజర్