దసరా తర్వాత కనిపించని పీరియడ్

జూన్‌లో బడి తెరిచినప్పుడు గోడకు అంటించే టైమ్‌టేబుల్‌లో డ్రాయింగ్ ఉంటుంది, సంగీతం ఉంటుంది. వారానికి ఒక్కో పీరియడ్, అదీ మధ్యాహ్నం ఏడోదో ఎనిమిదోదో. దసరా సెలవులయ్యి పిల్లలు తిరిగొచ్చేసరికి అదే కాగితం మీద ఆ గడుల్లో లెక్కలు, సైన్సు అని పెన్నుతో దిద్ది ఉంటుంది. సంక్రాంతి దాటాక దిద్దడానికి కూడా ఏమీ మిగలదు. విజయవాడ, గుంటూరుల్లో ఇరవై ఏళ్లకు పైగా డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తున్నాను. ప్రైవేటు బడుల్లో చేశాను, ప్రభుత్వ బడిలో చేశాను. ఈ దిద్దుడు అన్నిచోట్లా ఒకేలా జరిగింది. దిద్దినవాళ్లేమీ కళలంటే గిట్టనివాళ్లు కారు. నేను పనిచేసిన ఒక బడి హెడ్మాస్టరు గారికి త్యాగరాజ కీర్తనలంటే ప్రాణం. సంగీతం పీరియడ్ అన్నిటికంటే ముందు పోయింది ఆయన బడిలోనే.

అందుకే "మనవాళ్లకు కళల మీద గౌరవం లేదు" అనే మాటతో సరిపెట్టుకోలేను. గౌరవం ఉంది. లేనిదల్లా అడిగేవాళ్లు. పదో తరగతికి ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. లెక్కల క్లాసు వారం రోజులు జరగకపోతే స్లిప్ టెస్టులో బయటపడుతుంది, ఆ సాయంత్రానికే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది, మర్నాడు ఇద్దరు తండ్రులు ఆఫీసు రూములో కూర్చుంటారు. డ్రాయింగ్ ఏడాదంతా జరగకపోయినా ఎవరూ రారు. ప్రోగ్రెస్ కార్డులో ఆ గడికి ఎదురుగా అందరికీ 'ఎ' గ్రేడు వేసి ఉంటుంది. జరగని క్లాసులకు కూడా గ్రేడు నింపి ఇమ్మని నన్నే అడిగిన సందర్భాలు ఉన్నాయి. సిలబస్ వెనకబడి టెన్షన్‌లో ఉన్న హెడ్మాస్టరు ఎక్కడ కోత పెడితే గొడవ రాదో అక్కడే పెడతారు. నష్టం లేక కాదు. ఆ నష్టం ఆ ఏడాదిలో, ఆ బడిలో, ఏ కాగితం మీదా కనపడదు కాబట్టి.

కాగితాల మీద మాత్రం మనకు లోటేమీ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలను ఒక సబ్జెక్టుగా నేర్పాలంది. 2020 జాతీయ విద్యావిధానం సైన్సుకూ కళలకూ మధ్య గోడలు వద్దంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళలకు ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని షెడ్యూల్లోనే రాసింది. అయితే ఆ ఇన్‌స్ట్రక్టర్ పార్ట్ టైమ్. లెక్కలు-సైన్సుకు, సోషల్‌కు, భాషలకు కనీసం ఒక్కొక్క టీచరు ఉండాలన్న ఆ చట్టమే కళల దగ్గరకొచ్చేసరికి పార్ట్ టైమ్ చాలనుకుంది. కోత అక్కడే మొదలైంది. ప్రైవేటు బడుల్లో ఇంకా సులువు. నాకు తెలిసిన సంగీతం టీచరు ఒకావిడ పొద్దున పటమటలో ఒక బడి, మధ్యాహ్నం గుణదలలో ఇంకో బడి చూసుకునేవారు. ఆవిడను ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయలేదు. జూన్‌లో రావాల్సిన ఫోను రాలేదు, అంతే. తీసేశారని చెప్పుకోవడానికైనా ఆవిడ చేతిలో ఒక కాగితం లేదు.

ఇంత జరుగుతున్నా తల్లిదండ్రులకు అనుమానం రాకపోవడానికి కారణం యాన్యువల్ డే. నెల రోజుల ముందు బయటినుంచి డాన్స్ మాస్టర్‌ను పిలిపిస్తారు, సినిమా పాటలకు స్టెప్పులు నేర్పిస్తారు, అద్దెకు డ్రెస్సులు తెస్తారు. స్టేజీ వెలిగిపోతుంది, వీడియోలు ఇంటింటికీ చేరతాయి. ఇక డ్రాయింగ్ టీచరు ఆ నెలంతా సర్టిఫికెట్ల మీద పేర్లు రాయడం, గేటు దగ్గర స్వాగతం బోర్డు, ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే చార్టులు. చార్టులన్నీ మేమే వేస్తాం, కింద పిల్లల పేర్లు ఉంటాయి. బడిలో కళ బ్రహ్మాండంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పిల్లవాడు మాత్రం పెన్సిల్ పట్టడు.

పెన్సిల్ పడితే ఏమవుతుందో చెబుతాను. స్టూలు మీద ఒక ఇత్తడి చెంబు పెట్టి ఏడో తరగతి పిల్లల్ని వేయమంటే మొదటిరోజు ముప్పాతిక మంది మూతిని నిండు సున్నా చుడతారు. చెంబు మూతి గుండ్రంగా ఉంటుందని వాళ్లకు తెలుసు, తెలిసింది వేస్తారు. అడుగుభాగాన్ని మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా లాగుతారు, అది బల్ల మీద ఆనింది కాబట్టి. అప్పుడు ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని మూతి వెడల్పు ఎంతో, ఎత్తు ఎంతో కొలవమంటాను. అరగంట గోల. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం నల్లబడుతుంది. ఆ తర్వాత వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు, "టీచర్, ఇది గుండ్రంగా లేదు, నొక్కేసినట్టుంది" అంటారు. ఇంకాసేపటికి అడుగు కూడా వంపు తిరిగిందని ముందు బెంచీ అమ్మాయి కనిపెడుతుంది. తను నిలబడితే మూతి వెడల్పుగా, కూర్చుంటే సన్నగా కనపడుతోందని మూడోవాడు లేచి కూర్చుని, కూర్చుని లేచి చూసుకుంటాడు. నేను చెప్పలేదు. వాళ్లు చూశారు. తెలుసనుకున్న దానికీ కళ్లముందున్న దానికీ తేడా ఉంటుందని ఒక పిల్లవాడు తనంతట తాను పట్టుకోవడం చదువులో ఎంత పెద్ద సంగతో నేను వేరే చెప్పక్కర్లేదు. దానికి నలభై నిమిషాలు, ఒక చెంబు చాలు.

పక్క గదిలో సంగీతం క్లాసు ఉన్న రోజుల్లో సరళీ స్వరాలు వినపడేవి. ఆదితాళం, చేత్తో ఎనిమిది దెబ్బలు. మొదటి కాలంలో దెబ్బకో స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెయ్యి మాత్రం అదే నడకలో సాగాలి. మూడో కాలానికి వచ్చేసరికి సగం మంది చెయ్యి కూడా పాటతోపాటు పరుగెత్తేది. టీచరు ఆపి, గొంతు తగ్గించి పక్కవాళ్లను వింటూ పాడమనేవారు. యాభైమంది ఒకరినొకరు వింటే తప్ప కుదరని పని బడిలో ఇంకెక్కడ ఉంది? మిగతా అన్ని పీరియడ్లలో పక్కవాడి వైపు చూస్తే కాపీ అంటాం.

తాళం వస్తే లెక్కలు వస్తాయని, బొమ్మలు వేస్తే సైన్సు డయాగ్రములు బాగుంటాయని కళలను వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. మంచి మనసుతోనే అంటారు. నాకు మాత్రం ఆ వాదన నచ్చదు. లెక్కల కోసమే అయితే ఆ పీరియడ్‌లో లెక్కలే చెప్పుకుంటామంటారు, అంటున్నారు కూడా. చూడటం, వినడం వాటి కోసమే నేర్చుకోవాల్సిన విద్యలు. వాటికి వేరే సిఫార్సు అక్కర్లేదు.

నాకు గట్టిగా తగిలిన ప్రశ్న వేరే ఉంది. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒక తల్లి మీటింగులో అడిగింది: "టీచరమ్మా, బొమ్మలు కూడు పెడతాయా? మావాడికి ముందు ఎక్కాలు రానీ." ఆవిడ భయం నిజం. రోజంతా ఘాటులో కూర్చుని దగ్గుతూ కొడుకును చదివిస్తున్న మనిషికి కళల గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వలేను. అయినా లెక్క చూద్దాం. రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి 48. అందులో డ్రాయింగ్ ఒకటి, సంగీతం ఒకటి. మిగతా 46లో రాని ఎక్కాలు ఈ రెండూ లాగేసుకుంటే వస్తాయా? అదే టీచరు, అదే పాఠం, అదే అలిసిపోయిన ఎనిమిదో పీరియడ్. అలా ఎక్కాలు వచ్చిన పిల్లవాణ్ని నేను చూడలేదు. ఆ తల్లి కొడుకు విషయమే తీసుకుంటే, వాళ్ల నాన్న ఒకప్పుడు షాపుల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. పిల్లవాడికి అక్షరం వంపు చేతిలో ఉంది, బ్రష్షుతో 'ఘ' రాస్తే చూడముచ్చటగా ఉంటుంది. మొద్దు అని పేరుపడ్డ ఆ పిల్లవాడు ఒక పని బాగా చేయగలడని స్టాఫ్ రూముకు తెలిసింది డ్రాయింగ్ పీరియడ్ వల్లే. అది లేని ఏడాది అయితే తెలిసేది కాదు.

ఇక్కడే ఇంకో సంగతి. పీరియడ్ తీసేస్తే సంగీతం అందరికీ ఒకేలా పోదు. లబ్బీపేటలో పిల్లలకు సాయంత్రం ఇంటికొచ్చి నేర్పే టీచరు ఉంటారు. అజిత్ సింగ్ నగర్‌లోనో, పాత గుంటూరులోనో ఉండే పిల్లలకు బడే దిక్కు. ఇంట్లో నేర్చుకునే పిల్లలూ తొమ్మిదికి రాగానే "ఫౌండేషన్ క్లాసులున్నాయి, ఆపేశాం" అంటారు, అది వేరే బాధ.

బెంజ్ సర్కిల్ దగ్గర ర్యాంకుల హోర్డింగుల మధ్య నిలబడితే ఇది కళలకు సంబంధం లేని ఊరనిపిస్తుంది. కానీ మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో తొలి కచేరీ చేసింది విజయవాడలో. తర్వాత ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిందీ ఆయనే. 1948లో మొదలైన ఆకాశవాణి కేంద్రం ఉంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే ఇళ్లు నగరానికి ఆనుకునే ఉన్నాయి. పదేళ్లు ఇక్కడి బడుల్లో చదివి, ఆ కర్రను చేత్తో పట్టుకుని ఎంత తేలిగ్గా ఉంటుందో చూడని పిల్లలు వేలల్లో ఉంటారు.

అంతెందుకు, పైచదువులకే డ్రాయింగ్ కావాల్సి వస్తోంది. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. అందులో ఆర్కిటెక్చర్ సీటు రావాలంటే జేఈఈ రెండో పేపర్లో డ్రాయింగ్ పరీక్ష రాయాలి. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయం ప్రాంగణంలో మొదలైన డిజైన్ సంస్థ ఎంట్రన్సులోనూ బొమ్మ వేయించి చూస్తారు. ఇంటర్ అయ్యాక రెండు నెలల్లో నేర్పమని పిల్లలు నా దగ్గరకు వస్తుంటారు. తెలివైన పిల్లలే. అగ్గిపెట్టె ముందు పెడితే మూడు వైపులూ ఒకేసారి ఎలా కనపడతాయో వేయలేక ఏడ్చినంత పని చేస్తారు. ఆరో తరగతిలో దిద్దేసిన గడికి తల్లిదండ్రులు అప్పుడు ఫీజు కడతారు. కట్టలేనివాళ్లు అసలు రారు.

నేను కొత్త చట్టం ఏదీ అడగడం లేదు. డ్రాయింగ్‌ను, సంగీతాన్ని పొద్దున రెండో మూడో పీరియడ్‌లో వేస్తే చాలావరకు బతుకుతాయి, ఎందుకంటే కోతలన్నీ మధ్యాహ్నమే జరుగుతాయి. జరగని క్లాసుకు గ్రేడు వేయకూడదు, ఆ గడి ఖాళీగా ఉంచి పంపాలి. తల్లిదండ్రులు చేయాల్సిందీ ఒకటుంది. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు, ప్రైవేటు బడుల్లో నెలనెలా పిలుస్తున్నారు. ఈసారి వెళ్లినప్పుడు మార్కుల లిస్టుతోపాటు మీ పిల్లల డ్రాయింగ్ పుస్తకం కూడా చూపించమనండి. జూలైలో వేసిన బొమ్మ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉంటే, ఆ పీరియడ్ ఏ సబ్జెక్టుకు వెళ్లిందో, ఏ వారం నుంచి తిరిగిస్తారో అడగండి. చెప్పిన తేదీ ఆ పుస్తకంలోనే రాయించుకుని రండి.