ఉమ్మడి వడ్రంగి వర్క్‌షాప్ ప్లాన్: లీజు మీద సంతకం పెట్టే ముందు

భాగస్వాములిద్దరికీ,

ఈ లెక్కల్లో నెల అద్దెను 100గా పెట్టుకున్నాను. మిగతా అంకెలన్నీ దానితో పోల్చి వేసినవే. నేను ముందుగా చెప్పదలచుకున్నది ఒకటే: అద్దెకు మనం 36 నెలలు కట్టుబడుతున్నాం, ఫీజు కట్టి వాడుకునే సభ్యుల్లో ఎక్కువమంది మాత్రం ఒక్క నెల నోటీసుతో వెళ్లిపోగలరు. ఈ తేడాను తట్టుకునేలా ప్లాన్ కుదిరితేనే సంతకం పెడదాం.

స్థిర ఖర్చు

అద్దె 100, కామన్ మెయింటెనెన్స్ 10, టెక్నీషియన్, ఫ్రంట్ డెస్క్ జీతాలు 55, కరెంటు, ఇంటర్నెట్ 20, మెషిన్ల సర్వీసు, బ్లేడ్లు, ఇన్సూరెన్స్ 15. మొత్తం నెలకు 200. ఒక్క సభ్యుడు రాకపోయినా ఇది కట్టాల్సిందే. పనులు చేయించుకోవడానికి మొదటి 2 నెలలు అద్దె లేదు, మూడో నెల తలుపులు తీసేసరికి మీటరు తిరగడం మొదలవుతుంది. లీజు ఏడాది నిండగానే, అంటే మనం తెరిచిన 11వ నెల నుంచి, అద్దె 5 శాతం పెరుగుతుంది.

సభ్యత్వాలు

సొంత బల్ల: నెలకు 11. లాకర్ ఉంటుంది, ఏ వేళైనా రావచ్చు. 12 బల్లలు. కనీసం 6 నెలల ఒప్పందం.

మామూలు సభ్యత్వం: నెలకు 5. ఖాళీగా ఉన్న బల్ల వాడుకోవాలి. 10 ఉమ్మడి బల్లలకు 30 మందిని మించి తీసుకోకూడదు.

గంటల పాస్: నెలకు 10 గంటలు, 2. పనిరోజుల్లో పగటిపూట మాత్రమే, గరిష్ఠంగా 40 మంది.

గంటల పాస్‌కు ఈ కట్టడి ఎందుకంటే, ఇరుకయ్యేది బల్లల దగ్గర కాదు, మెషిన్ల దగ్గర. టేబుల్ సా ఒక్కటే. సాయంత్రాలు, సెలవు రోజులు అందరూ దానికోసమే నిలబడితే ఎక్కువ డబ్బు కట్టేవాళ్లే ముందు విసుగొచ్చి వెళ్లిపోతారు. బల్లలు సగం ఖాళీగా ఉన్నా వాళ్లకు మన షెడ్డు నిండిపోయినట్టే.

మూడు రకాలూ పూర్తిగా నిండితే 362 వస్తుంది. ఖర్చు 200 కాబట్టి దాదాపు 55 శాతం నిండితే లాభనష్టాలు సమానం. 9 సొంత బల్లలు నిండితే వచ్చే 99తో దాదాపు అద్దె మొత్తం గట్టెక్కుతుంది. అందుకే నా కన్ను ఎప్పుడూ ఆ తొమ్మిది మీదే.

ఎలా నిండుతుందని అనుకుంటున్నాం

| నెల | సొంత బల్ల | మామూలు | గంటల పాస్ | ఆదాయం | తేడా |
|---|---|---|---|---|---|
| 1 | 4 | 6 | 8 | 90 | −110 |
| 3 | 5 | 10 | 12 | 129 | −71 |
| 6 | 7 | 14 | 16 | 179 | −21 |
| 8 | 7 | 18 | 19 | 205 | +5 |
| 12 | 9 | 20 | 22 | 243 | +38 |

ఇలా సాగితే మొదటి 7 నెలల లోటు కలిపి సుమారు 393. కానీ ఈ పట్టికను నమ్ముకుని డబ్బు సర్దుకోవడానికి నాకు మనసొప్పదు. ఇదే ఎదుగుదల సగం వేగంతో జరిగితే సమానం కావడానికి 15వ నెల వస్తుంది, అద్దె పెంపుతో కలిపి లోటు 750కి చేరుతుంది. మనం దగ్గర ఉంచుకోవాల్సింది ఆ 750.

పెట్టుబడి

సెక్యూరిటీ డిపాజిట్ 600. మెషిన్లు, దుమ్ము లాగే ఏర్పాటు, వైరింగ్, తలుపులు 1,400. లోటు నిధి 750. మొత్తం 2,750, ముగ్గురం సమానంగా. డిపాజిట్‌ను నిధి కింద లెక్కపెట్టొద్దు, అవసరానికి అది చేతికి రాదు. అప్పు వద్దంటున్నాను, వాయిదా మొదలైతే అది రెండో అద్దె అవుతుంది. డబ్బు చాలకపోతే మెషిన్లలో కోత పెడదాం, ప్లేనర్ రెండో ఏడాది కొనుక్కోవచ్చు. దుమ్ము లాగే ఏర్పాటులో మాత్రం రూపాయి కూడా తగ్గించను, అది మనుషుల ఊపిరితిత్తుల విషయం.

ఓనర్‌ను అడగాల్సినవి

లాక్-ఇన్ 36 నుంచి 18 నెలలకు తగ్గించమని అడుగుదాం. దానికి ఒప్పుకోకపోతే, షెడ్డులో కొంత భాగాన్ని వేరేవాళ్లకు సబ్-లీజుకు ఇచ్చే హక్కయినా రాతపూర్వకంగా ఉండాలి. తెరిచిన 10 నెలలకు మూసేయాల్సి వస్తే, ఇప్పటి షరతుల ప్రకారం ఇంకో 24 నెలల అద్దె మన మెడకు చుట్టుకుంటుంది. ఈ రెండింట్లో ఒక్కటీ రాకపోతే నేను సంతకం పెట్టను.

మనం పెట్టుకునే గీతలు

కనీసం 5 సొంత బల్లలకు 2 నెలల ఫీజు ముందే చేతికి వచ్చాకే లీజు తీసుకుందాం. వాళ్లలో ఒకరు తెరిచేలోపు తప్పుకున్నా పట్టికలోని నాలుగు నిలుస్తాయి. లీజు కుదరకపోతే ఆ డబ్బు పూర్తిగా తిరిగిచ్చేస్తాం. ప్రారంభ డిస్కౌంట్లు ఉండవు, ముందొచ్చినవాళ్లకు ఏడాదిపాటు ఫీజు పెరగదన్న హామీ ఇద్దాం. నేను ఇంతకుముందు బల్ల తీసుకున్న ఒక షెడ్డులో అద్దె భారం తట్టుకోలేక ఏడాది మధ్యలో ఫీజు రెట్టింపు చేశారు. రెండు నెలల్లో సగం మందిమి బయటికి వచ్చేశాం. నా సగం చేసిన కుర్చీలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పడ్డ టెన్షన్ మన సభ్యులకు రాకూడదు.

9వ నెలలో ఆదాయం 150 దాటకపోతే వెనక గది సబ్-లీజుకు ఇస్తాం. నిధిలో 250 మాత్రమే మిగిలిన రోజున ముగ్గురం కూర్చుంటాం, మూసేయడమే మంచిదని తేలితే సభ్యులకు 60 రోజుల ముందు చెబుతాం.

ఓనర్‌తో మాట్లాడేది శుక్రవారం. ఈలోపు ఆ 750లో మీ వంతు 250 చొప్పున నిజంగా పక్కన పెట్టగలరో లేదో చెప్పండి.