తోతాపురి టోకెన్, తూకం సాఫ్ట్‌వేర్: ప్రాజెక్టు ప్రారంభ సమావేశం మినిట్స్

తేదీ: 2026 ఫిబ్రవరి 10, మంగళవారం, ఉదయం 11 గంటలు
స్థలం: చిత్తూరు–పుత్తూరు రోడ్డులోని మన మామిడి పల్ప్ ఫ్యాక్టరీ ఆఫీసు

హాజరు: ఎండీ, కొనుగోలు మేనేజర్, క్వాలిటీ ఇన్‌చార్జ్, అకౌంట్స్ మేడం, కాటా ఆపరేటర్, రైతుల తరఫున ఇద్దరు (బంగారుపాళ్యం, తవణంపల్లె), తిరుపతి సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి ప్రాజెక్టు లీడ్, డెవలపర్. మినిట్స్ రాసింది: అడ్మిన్ ఆఫీసర్. ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్ రాలేదు. ఆయనకు కాపీ పంపాలి.

ఎందుకు

సీజన్ ముదిరితే ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వస్తాయి. కాయ ఎండలో నిలబడి మెత్తబడుతుంది, తరుగు పెరుగుతుంది, గొడవ మొదలవుతుంది. టోకెన్ పుస్తకం, కాటా చీటీ, అకౌంట్స్ రిజిస్టర్ మూడూ వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. 2025లో ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ధర పెట్టారు. అలాంటి సాయం మళ్లీ వస్తే రైతువారీ లెక్క వెంటనే తీయగలగాలని ఎండీ గారు చెప్పారు.

పరిధి

మొదటి దశలో ఉండేవి: గేటు దగ్గర టోకెన్, లోడు తూకం, ఖాళీ బండి తూకం, కాయ తీపిని చూపే బ్రిక్స్ నమోదు, తరుగు, తెలుగులో చీటీ, రైతు ఫోనుకు మెసేజ్, అకౌంట్స్‌కు రోజువారీ ఫైలు. బ్యాంకు చెల్లింపులు, డ్రమ్ముల స్టాకు, ఎగుమతి కాగితాలు ఇందులో లేవు. చెల్లింపులు కూడా కలపాలని అకౌంట్స్ మేడం గట్టిగా అడిగారు. ఈ సీజన్‌కు కుదరదని లీడ్ చెప్పారు, ఎండీ గారు ఒప్పుకున్నారు. పరిధిలో ఏది కలిపినా, తీసేసినా ఎండీ గారి సంతకం ఉండాలి.

ఎక్కువ సమయం పట్టింది టోకెన్ ఎవరి పేరున ఇవ్వాలన్న విషయానికే. బండికి ఒకటి చాలని కొనుగోలు మేనేజర్ అన్నారు. ఒకే బండిలో ఇద్దరు ముగ్గురు రైతుల కాయ వస్తుందని, రైతుల దగ్గర కాయ కొని పంపే ర్యాంపు వాళ్ల బండ్లు వేరని తవణంపల్లె రైతు గుర్తుచేశారు. "టోకెన్ ఇచ్చినాక మధ్యలో బండి దూరితే ఈ కంప్యూటరు ఎందుకు సార్?" అని ఆయన అడిగితే గదిలో ఎవరూ మాట్లాడలేదు. చివరికి కుదిరింది ఇదీ: టోకెన్ బండికే ఇస్తారు, దాని కింద రైతుల పేర్లు, ఒక్కొక్కరి వాటా నమోదు చేస్తారు. ర్యాంపు బండ్లకు వేరే వరస. వరస తప్పించే అధికారం కొనుగోలు మేనేజర్ ఒక్కరిదే. కారణం టైపు చేయనిదే సిస్టమ్ ఒప్పుకోదు. ఆ జాబితా రోజూ సాయంత్రం గేటు బోర్డు మీద పెట్టాలి. చివరి మాటకు మేనేజర్ గారు అయిష్టంగానే సరేనన్నారు.

తరుగు ఎంత, ఎందుకు అన్నది చీటీ మీద అచ్చు కావాలి. బాధ్యత క్వాలిటీ ఇన్‌చార్జ్‌ది.

ఎవరి పని ఏది

పని మొత్తానికి జవాబుదారీ తిరుపతి నుంచి వచ్చిన లీడ్. మన వైపు రోజువారీ నిర్ణయాలు కొనుగోలు మేనేజర్‌వి. గేటు, కాటా దగ్గర ఏది నడుస్తుంది, ఏది నడవదు అన్న విషయంలో కాటా ఆపరేటర్ మాటే చివరిది. రైతు ప్రతినిధులు చీటీ నమూనా చూసి ఒప్పుకోవాలి.

గడువులు

ఫిబ్రవరి 27కు స్క్రీన్లు, చీటీ నమూనా ఖరారు. ఉగాది దాటాక, మార్చి 31కి టోకెన్, కాటా భాగం సిద్ధం. ఏప్రిల్ 18న ట్రయల్: కాయ ఉండదు కాబట్టి ఇసుక లోడు ట్రాక్టర్లతో. మేలో సిబ్బందికి శిక్షణ. గంగ జాతర రోజుల్లో ఎవరూ దొరకరని, ఆ వారం వదిలేయాలని కాటా ఆపరేటర్ ముందే చెప్పేశారు. మే 25 నుంచి అసలు వాడకం. మొదటి పది రోజులు చేతి పుస్తకం కూడా నడపాలి.

అనుకున్నవి

కాటా ఇండికేటర్‌కు బయటి పోర్టు ఉందని, అది పనిచేస్తుందని అనుకున్నాం. తూనికలు కొలతల శాఖ సీలు తెంచే పని ఎవరూ చేయకూడదు, తెంచితే మళ్లీ ముద్ర వేయించాలి. కోత జూన్‌లో ఊపందుకుంటుందని, రైతులు ఈ-క్రాప్ వివరాలు వాళ్లే తెస్తారని కూడా లెక్కలోకి తీసుకున్నాం.

రిస్కులు

గాలివానకు కరెంటు, నెట్ పోవడం అన్నిటికన్నా పెద్ద టెన్షన్. నెట్ లేకపోయినా గేటు, కాటా నడవాలి, డెవలపర్ ఒప్పుకున్నారు. యూపీఎస్ కొనడం అడ్మిన్ పని, మార్చి 15లోపు. మెసేజ్‌ల నమూనాకు టెలికాం వాళ్ల డీఎల్‌టీ అనుమతి ఆలస్యం కావచ్చు. లీడ్ ఈ వారమే దరఖాస్తు పెడతారు. ఆలస్యమైతే చీటీ మాత్రమే ఇస్తాం. కాయ ముందే వస్తే గడువులన్నీ తారుమారవుతాయి. అప్పుడు టోకెన్, తూకం మాత్రమే మొదలుపెట్టి, మెసేజ్‌లు తర్వాత కలపాలని నిర్ణయం. గేటు దగ్గర ఒత్తిడి వచ్చి వరస తప్పిస్తే రైతులకు నమ్మకం పోతుందని బంగారుపాళ్యం రైతు రాయించమన్నారు. రాశాం.

తర్వాతి సమావేశం ఫిబ్రవరి 27, ఇదే చోట, ఉదయం 11కి. కాటా పోర్టు ఫొటోలు ఆపరేటర్ శుక్రవారంలోపు లీడ్‌కు పంపాలి. ఈ మినిట్స్‌లో తప్పులుంటే ఫిబ్రవరి 14లోపు అడ్మిన్ ఆఫీసుకు చెప్పాలి. లేకపోతే ఆమోదించినట్టే.